బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతోందా? వీసింక్ వెనక దాక్కున్న ఫ్రేములను కొలిచి తగ్గించడం ఎలా

మీ గేమ్ 60 ఎఫ్‌పీఎస్‌తో నిలకడగా నడుస్తోంది. ఎక్కడా కుదుపు లేదు. అయినా ఆడేవాళ్లు "నొక్కిన తర్వాత కాసేపటికి కదులుతోంది" అంటున్నారు. మీరు ఎఫ్‌పీఎస్ అంకె చూపిస్తారు, వాళ్లు తల అడ్డంగా ఊపుతారు. ఇద్దరి మాటా నిజమే. సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయన్నది ఒక లెక్క, నొక్కిన నొక్కు ఎన్నో బొమ్మలో కనిపిస్తోందన్నది వేరే లెక్క. ఈ రెండో లెక్కను ఏ ఎఫ్‌పీఎస్ కౌంటరూ చూపించదు.

నేను రాస్తున్నది ఒక చిన్న 2డీ కత్తియుద్ధం గేమ్. సీ, ఎస్‌డీఎల్2, ఓపెన్‌జీఎల్‌తో రాశాను. శత్రువు కత్తి ఎత్తగానే సరైన క్షణంలో అడ్డుకోవాలి. గేమ్ మొత్తానికీ అదే ప్రాణం. మా తమ్ముడు ఆడిన ప్రతిసారీ "అన్నా, నేను ముందే నొక్కాను, నీ గేమే తీసుకోలేదు" అనేవాడు. కోడ్ బరువుగా ఉందనుకుని రెండు వారాలు కూర్చుని, ఒక ఫ్రేమ్ తయారవడానికి పట్టే సమయాన్ని 9 మిల్లీసెకన్ల నుంచి 4కి తెచ్చాను. వాడి మాట మారలేదు. తర్వాత కొలిచి చూస్తే ఆలస్యం ఒక్క మిల్లీసెకను కూడా తగ్గలేదని తేలింది. ఎందుకు తగ్గలేదో అర్థమయ్యాక మిగతాదంతా ఒక్క సాయంత్రం పని. మీకు ఆ రెండు వారాలు మిగలాలనే ఇది రాస్తున్నాను.

ముందు, ఆలస్యం ఎక్కడ పుడుతోంది

60 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త బొమ్మను పై వరస నుంచి కింది వరస దాకా గీస్తుంది. గీస్తుండగా మధ్యలో బొమ్మ మారితే పై సగం పాతది, కింది సగం కొత్తది అయి తెర చిరిగినట్టు కనిపిస్తుంది. అలా కాకుండా, మానిటర్ ఒక బొమ్మ పూర్తిచేసి తర్వాతిది మొదలుపెట్టే సందులోనే మార్చాలన్న నియమమే వీసింక్.

వీసింక్ ఆన్‌లో ఉంటే `SDL_GL_SwapWindow` అనే కాల్ ఆ సందు వచ్చేదాకా ఆగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి చాలా డ్రైవర్లలో అది వెంటనే ఆగదు. డ్రైవర్ మీ ఫ్రేమును తీసుకుని వరసలో పెట్టి, "సరే, నువ్వు తర్వాతిది మొదలుపెట్టు" అని మిమ్మల్ని వదిలేస్తుంది. మీరు తర్వాతి ఫ్రేముకు కీబోర్డు చదివి, లెక్కలు వేసి, గీసి ఇస్తారు. అదీ వరసలో చేరుతుంది. వరస నిండాక మాత్రమే ఆ కాల్ మిమ్మల్ని ఆపుతుంది. అప్పటికి మీ ముందు రెండు మూడు ఫ్రేములు తయారై కూర్చుని ఉంటాయి.

రద్దీగా ఉండే టిఫిన్ సెంటర్‌ను తలుచుకోండి. వంటాయన మూడు ఇడ్లీ ప్లేట్లు ముందే సర్ది కౌంటర్ మీద పెట్టాడు. మీరు వెళ్లి "కారప్పొడి వద్దండీ" అన్నారు. ఆయన విన్నాడు, నాలుగో ప్లేటులో వేయలేదు. కానీ ముందున్న మూడూ వెళ్లిపోయాకే మీ ప్లేటు వస్తుంది. వంటాయన ఎంత చురుగ్గా చేస్తే కౌంటర్ అంత త్వరగా నిండుతుంది. మీ ప్లేటు మాత్రం త్వరగా రాదు. నా రెండు వారాల కష్టం వృథా అయింది ఇందుకే. గేమ్ తేలికయ్యేకొద్దీ వరస ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అందులోని ఒక్కో ఫ్రేమూ 16.67 మిల్లీసెకన్లు తింటుంది.

డైరెక్ట్3డీ 11లో ఈ వరస పొడవు డిఫాల్ట్‌గా 3 ఫ్రేములు. యూనిటీలో డిఫాల్ట్ 2. ఓపెన్‌జీఎల్‌లో దీనికంటూ నేరుగా ఒక సెట్టింగ్ లేదు, డ్రైవర్ ఇష్టం. అందుకే నమ్మకాల మీద కాకుండా కొలత మీద నడవాలి.

కొలవడానికి ఒక తెల్ల చతురస్రం

అసలు గేమ్‌లో కొలవడం మొదలుపెట్టకండి. కత్తి ఊపే యానిమేషన్ మొదటి రెండు మూడు ఫ్రేముల్లో అంగుళం కూడా కదలదు. ఏ ఫ్రేములో మొదలైందో కంటికి తేలదు. గేమ్‌లోనే ఒక టెస్ట్ మోడ్ పెట్టి, బటన్ నొక్కి ఉన్నంతసేపూ తెర మధ్యలో తెల్ల చతురస్రం, వదిలితే నలుపు కనిపించేలా చేయండి.

```c
glEnable(GL_SCISSOR_TEST);
glScissor(w/2 - 100, h/2 - 100, 200, 200);
float c = attack_pressed ? 1.0f : 0.0f;
glClearColor(c, c, c, 1.0f);
glClear(GL_COLOR_BUFFER_BIT);
glDisable(GL_SCISSOR_TEST);
```

ఇది గేమ్ మామూలుగా గీసే ఫ్రేము చివర్లో, అదే లూపులో ఉండాలి. విడిగా ఒక చిన్న ప్రోగ్రాం రాసి కొలిస్తే ఆ ప్రోగ్రాం ఆలస్యం తెలుస్తుంది తప్ప మీ గేమ్‌ది కాదు. `attack_pressed` విలువను కూడా `update()` లోపల కత్తి ఊపే కోడే పెట్టాలి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. లూపులో `update()` ముందు, కీబోర్డు చదవడం తర్వాత ఉంటే ప్రతి నొక్కూ ఒక ఫ్రేము ఊరికే ఆలస్యమవుతుంది. చాలా గేముల్లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చతురస్రాన్ని గేమ్ అసలు దారిలోనే పెడితే అదీ కొలతలో పడుతుంది.

చతురస్రం మధ్యలోనే ఎందుకంటే, మానిటర్ పై నుంచి కిందికి గీస్తుంది కాబట్టి పై మూలలో పెడితే ఆలస్యం దాదాపు 8 మిల్లీసెకన్లు తక్కువగా, కింద పెడితే అంతే ఎక్కువగా కనిపిస్తుంది. మధ్యలో పెట్టి, ఇక దాన్ని ఎప్పుడూ కదపకండి.

సాఫ్ట్‌వేర్‌లోనే టైమ్ చూసి కొలవవచ్చు కదా అనిపిస్తుంది. నేనూ మొదట అదే చేశాను. ఎస్‌డీఎల్2 ఈవెంటులో ఉండే `timestamp` మీరు కీ నొక్కిన క్షణం కాదు, ఎస్‌డీఎల్ ఆ ఈవెంటును తన వరసలో వేసుకున్న క్షణం. ఫ్రేముకు ఒకసారి మాత్రమే ఈవెంట్లు చదివితే, ఫ్రేము మొదట్లో నొక్కినా చివర్లో నొక్కినా ఒకే టైమ్ పడుతుంది. ఇక అవతలి కొసన బొమ్మ తెర మీద ఎప్పుడు వెలిగిందో మీ ప్రోగ్రాముకు తెలిసే దారే లేదు. రెండు కొసలూ చూసేది బయటి కన్ను ఒక్కటే. ఆ కన్ను మీ జేబులోనే ఉంది.

ఫోన్‌తో షూటింగ్

ఇప్పటి చాలా ఫోన్లలో స్లో మోషన్ 240 ఎఫ్‌పీఎస్‌లో తీయవచ్చు. అంటే ఒక్కో వీడియో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. 120 మాత్రమే ఉన్నా పని నడుస్తుంది, కాకపోతే ఎక్కువసార్లు నొక్కి సగటు తీయాలి. ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. పుస్తకాల దొంతరకు ఆనించి, తెర మధ్యలోని చతురస్రం, మీరు నొక్కే కీ రెండూ ఒకే ఫ్రేములో పడేలా పెట్టండి. గదిలో వెలుతురు బాగా ఉండాలి, లేకపోతే వేలు మసకగా పడుతుంది.

మొదలుపెట్టే ముందు ఫోన్ నిజంగానే 240 తీస్తోందో లేదో చూసుకోండి. కొన్ని ఫోన్లు తక్కువ తీసి, మధ్యలో బొమ్మలు కల్పించి నింపుతాయి. దీనికి గేమ్‌లోనే ఫ్రేము నంబరును పెద్ద అంకెలతో చూపించి వీడియో తీయండి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో నంబరు నాలుగు వీడియో ఫ్రేములు నిలబడాలి. రెండు నంబర్లు ఒకదాని మీద ఒకటి నీడలా పదేపదే కలిసి కనిపిస్తే ఆ ఫోన్ కొలతకు పనికిరాదు, ఇంకొకరిది అడిగి తెచ్చుకోండి.

ఇప్పుడు వీడియో ఆన్ చేసి, కీని గట్టిగా, టక్కున ఇరవై సార్లు కొట్టండి. నొక్కుకూ నొక్కుకూ మధ్య ఒక సెకను ఆగండి. ఒకే లయలో కొట్టకుండా కాస్త అటూ ఇటూగా కొట్టడం మంచిది. మెల్లగా నొక్కితే కీ ఎప్పుడు తగిలిందో తెలియదు. క్యాప్స్ లాక్ లైటును నొక్కిన గుర్తుగా వాడుకుందామని చూడకండి. ఆ లైటును వెలిగించేది కంప్యూటరు, అదీ నొక్కు అందిన తర్వాత.

వీడియోను కంప్యూటర్‌లోకి తెచ్చి `mpv`లో తెరవండి. చుక్క కీ కొడితే ఒక ఫ్రేము ముందుకు, కామా కొడితే వెనక్కి వెళ్తుంది. నా మొదటి నొక్కు ఇలా ఉంది. వేలు గాలిలో మసకగా దిగుతోంది. తర్వాతి ఫ్రేములో కీ అడుగుకు తగిలి ఆగింది, వేలి గోరు మొదటిసారి స్పష్టంగా కనిపించింది. అది సున్నా. చుక్క, చుక్క, చుక్క. పది కొట్టాను, తెర నల్లగానే ఉంది. పదిహేను, నలుపే. ఇరవైలో చతురస్రం బూడిద రంగుకు తిరిగింది, ఇరవై ఒకటిలో తెల్లబడింది. నల్లదనం మొదటిసారి విడిచిన ఫ్రేమునే లెక్కలోకి తీసుకోవాలని నియమం పెట్టుకున్నాను కాబట్టి ఇరవై రాసుకున్నాను. మీరు ఏ నియమం పెట్టుకున్నా ఫరవాలేదు, ఇరవై నొక్కులకూ అదే పాటించండి. వేలు తగిలిన ఫ్రేమును గుర్తించడంలో ఒకటి అటూ ఇటూ అవుతుంది, సగటులో అది సర్దుకుంటుంది.

ఒకే సెట్టింగులో కూడా అంకెలు ఒకేలా రావు, కంగారు పడకండి. మీరు నొక్కే క్షణం గేమ్ కీబోర్డు చదవడానికి కాస్త ముందు పడవచ్చు, లేదా అప్పుడే చదివేసిన తర్వాత పడవచ్చు. ఆ అదృష్టం ఒక్కటే 16.67 మిల్లీసెకన్ల తేడా తెస్తుంది, అంటే నాలుగు వీడియో ఫ్రేములు. కీబోర్డు తన వంతు ఇంకో కాస్త కలుపుతుంది. ఇరవై నొక్కుల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ ఆరు ఫ్రేముల తేడా ఉండడం సహజం. పదిహేను తేడా ఉంటే మాత్రం గేమ్ ఎక్కడో ఫ్రేములు పోగొట్టుకుంటోందని అర్థం, ముందు దాని సంగతి చూడండి.

రెండు కొలతలు, ఒక తీసివేత

ముందు మీ గేమ్ ఉన్నది ఉన్నట్టుగా, వీసింక్ ఆన్‌లో కొలవండి. తర్వాత `SDL_GL_SetSwapInterval(0)` పెట్టి, వీసింక్ ఆఫ్‌లో, ఫ్రేములను పరిమితి లేకుండా పరిగెత్తనిచ్చి కొలవండి. రెండుసార్లూ ఫుల్‌స్క్రీన్‌లోనే ఉండాలి. విండోలో ఉంటే విండోస్ డెస్క్‌టాప్‌ను కూర్చే పని మధ్యలో దూరి లెక్క చెడగొడుతుంది. గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఇంతకుముందు ఏవైనా మార్చి ఉంటే డిఫాల్టుకు తెచ్చేయండి, ఎందుకంటే మీ గేమ్ ఆడేవాళ్ల దగ్గర అవే ఉంటాయి.

నాకు ఆన్‌లో సగటు 21 వీడియో ఫ్రేములు వచ్చింది. 4.17తో గుణిస్తే 88 మిల్లీసెకన్లు. ఆఫ్‌లో 8, అంటే 33. తేడా 55.

ఈ 55 అంతా వరస తప్పు కాదు. వరస లేకపోయినా వీసింక్ కొంత తీసుకుంటుంది. నొక్కిన క్షణం నుంచి గేమ్ మళ్లీ కీబోర్డు చదివేదాకా సగటున సగం ఫ్రేము, అంటే 8 మిల్లీసెకన్లు పోతాయి. చదివి, గీసి, తర్వాతి సందు దాకా ఆగడానికి ఒక పూర్తి ఫ్రేము, దాదాపు 17. కలిపి 25. వీసింక్ ఆఫ్‌లో ఈ రెండింటికీ కలిపి రెండు మూడు మిల్లీసెకన్లే పడుతుంది. అంటే వీసింక్ వల్ల తప్పనిసరిగా వచ్చే తేడా 22 చుట్టూ ఉండాలి. నాకు వచ్చింది 55. మిగిలిన 33ను 16.67తో భాగిస్తే సరిగ్గా రెండు. నా ముందు వరసలో రెండు ఫ్రేములు కూర్చుని ఉన్నాయన్నమాట.

ఈ తీసివేతను మీ అంకెలతో చేయండి. తేడా 20, 25 మధ్య ఉంటే మీకు వరస లేదు, ఆలస్యం వేరేచోట ఉంది. కీబోర్డు, టీవీ, లేదా మీ సొంత కోడ్ చూడండి. గేమ్‌ను టీవీకి కలిపి ఆడుతుంటే అన్నిటికన్నా ముందు ఆ టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. తేడా 40 దగ్గర ఉంటే ఒక ఫ్రేము, 55 దగ్గర ఉంటే రెండు, 70 దాటితే మూడు. ఈ అంకెలు 60 హెర్ట్జ్‌కే వర్తిస్తాయి. 144 హెర్ట్జ్ మానిటర్‌లో ఒక ఫ్రేము 6.94 మిల్లీసెకన్లే కాబట్టి రెండు ఫ్రేముల వరస కూడా 14 మాత్రమే తింటుంది. అలాంటి మానిటర్ ముందు కూర్చుని గేమ్ రాసేవాళ్లకు ఈ సమస్య కనిపించకుండా పోయేది అందుకే.

వరసను ఖాళీ చేయడం

ఓపెన్‌జీఎల్‌లో అన్నిటికన్నా సులువైన పద్ధతి, స్వాప్ తర్వాత `glFinish` పిలవడం. "నేను ఇచ్చినదంతా పూర్తయ్యేదాకా నన్ను వదలవద్దు" అని డ్రైవర్‌కు చెప్పడం అది.

```c
SDL_GL_SetSwapInterval(1);
while (running) {
    poll_input();
    update();
    draw();
    SDL_GL_SwapWindow(win);
    glFinish();
}
```

ఒక్క లైను. దీన్ని చేర్చి మళ్లీ ఇరవై నొక్కులు తీశాను. సగటు 21 నుంచి 13కి దిగింది, అంటే 54 మిల్లీసెకన్లు. లెక్కలో వచ్చిన 33 మిల్లీసెకన్లూ దాదాపు అచ్చంగా వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం ఆ వీడియోను మూడుసార్లు లెక్కపెట్టాను, అంత సంతోషంగా అనిపించింది.

ఓపెన్‌జీఎల్ కాకపోతే పేర్లు వేరు, పని ఇదే. డైరెక్ట్3డీ 11లో `IDXGIDevice1` మీద `SetMaximumFrameLatency(1)`. యూనిటీలో `QualitySettings.maxQueuedFrames = 1;`. ఏది మార్చినా మళ్లీ ఫోన్‌తో కొలవకుండా నమ్మకండి. డ్రైవర్లు ఇలాంటి మాటను కొన్నిసార్లు పట్టించుకోవు, సెట్టింగ్ మారినట్టు కోడ్‌లో కనిపిస్తుంది, తెర మీద మాత్రం అదే ఆలస్యం ఉంటుంది.

దీనికి మూల్యం ఉంది, అది తెలిసి వాడాలి. డ్రైవర్లు ఈ వరసను ఊరికే పెట్టలేదు. వరస ఉంటే గ్రాఫిక్స్ కార్డు ఒక ఫ్రేము గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము లెక్కలు మొదలుపెడుతుంది. రెండూ పక్కపక్కన నడుస్తాయి. `glFinish` పెట్టగానే అవి ఒకదాని తర్వాత ఒకటి నడవాలి. మీ ఫ్రేముకు ప్రాసెసర్ 9, గ్రాఫిక్స్ కార్డు 9 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే ఇంతకుముందు హాయిగా 60 వచ్చేది. ఇప్పుడు మొత్తం 18 అయింది, 16.67 దాటింది. ప్రతి ఫ్రేమూ ఒక సందు తప్పిపోతుంది, గేమ్ ఒక్కసారిగా 30కి పడిపోతుంది. రెండూ కలిపి 12, 13 లోపు ఉంటేనే ఈ దారి పట్టండి. నేను 9 నుంచి 4కి తెచ్చిన ఆ కష్టం చివరికి ఇక్కడ ఉపయోగపడింది.

కోడ్ ముట్టుకోలేని పరిస్థితి ఉంటే, అంటే మీరు గేమ్ ఆడేవాళ్లే గానీ రాసేవాళ్లు కాకపోతే, వీసింక్ ఆన్‌లో ఉంచి ఫ్రేములను మానిటర్ వేగం కన్నా కొద్దిగా తక్కువకు కట్టేయండి. విండోస్‌లో `RivaTuner Statistics Server` ఈ పని చేస్తుంది. గేమ్ మానిటర్ కన్నా కొంచెం నెమ్మదిగా ఇస్తుంది కాబట్టి వరస ఎప్పటికీ నిండదు. బదులుగా ఎప్పుడో ఒక ఫ్రేము రెండుసార్లు కనిపిస్తుంది. మీ మానిటర్ అసలు వేగం 60 కాకుండా 59.94 ఉండవచ్చు, దాన్ని చూసుకుని దానికి కింద కట్టండి.

చదవడాన్ని వీలైనంత ఆలస్యంగా

54లో ఇంకా ఒక భాగం మిగిలి ఉంది. లూపును మళ్లీ చూడండి. సందు రాగానే `glFinish` వదులుతుంది. వెంటనే కీబోర్డు చదువుతాం, 4 మిల్లీసెకన్లలో గీసేస్తాం, మిగతా 12 మిల్లీసెకన్లు ఖాళీగా కూర్చుని తర్వాతి సందు కోసం చూస్తాం. ఆ 12 మిల్లీసెకన్లలో ఆడేవాళ్లు నొక్కితే ఈ ఫ్రేముకు అందదు. కూర్చోవాల్సిన సమయం ఎలాగూ ఉంది కదా, దాన్ని చివర కాకుండా ముందు కూర్చుందాం. సందు రాగానే ఆగి, ఆఖరి క్షణంలో కీబోర్డు చదివి, గీసి ఇచ్చేద్దాం.

```c
SDL_GL_SwapWindow(win);
glFinish();
wait_ms(10.0);
poll_input();
update();
draw();
```

ఎంతసేపు ఆగాలో ఊహించి పెట్టకండి. ముందు ఈ ఆగడం లేకుండా, `draw()` తర్వాత, స్వాప్‌కు ముందు తాత్కాలికంగా ఇంకో `glFinish` పెట్టి, `poll_input` మొదలు నుంచి అక్కడిదాకా పట్టే సమయాన్ని `SDL_GetPerformanceCounter`తో రాసుకోండి. సగటు కాదు, గేమ్‌లో అత్యంత బరువైన సన్నివేశంలో వచ్చిన గరిష్ఠం కావాలి. నాకు ఆరుగురు శత్రువులు, నిప్పురవ్వలు ఉన్న చోట 4.2 వచ్చింది. 16.67 నుంచి 4.2 తీసేసి, జాగ్రత్తకు ఇంకో 2 తీసేస్తే 10.47. అందుకే 10 పెట్టాను. ఆ తాత్కాలిక `glFinish` తీసేయడం మరిచిపోకండి.

`wait_ms`ను మొత్తంగా `SDL_Delay`తో రాయవద్దు. 10 ఆగమంటే అది పదకొండో పన్నెండో ఆగి లేస్తుంది, ఆ రెండు మిల్లీసెకన్లే మీరు జాగ్రత్తకు పెట్టుకున్నవి. 8 దాకా `SDL_Delay`తో నిద్రపోయి, మిగతాది గడియారం చూస్తూ ఖాళీ లూపులో తిరగండి.

ఇలా చేశాక సగటు 10.6 వీడియో ఫ్రేములు, అంటే 44 మిల్లీసెకన్లు వచ్చింది. తెర చిరగడం లేదు, వీసింక్ ఆన్‌లోనే ఉంది. 88లో సగం పోయింది.

ఈ దశలో తప్పు జరిగితే కనిపించేది కుదుపు. ఒక ఫ్రేము 16.67 లోపు అందకపోతే పాత బొమ్మ రెండోసారి తెర మీద నిలబడుతుంది, నడిచే బొమ్మ కాలు తడబడినట్టు ఉంటుంది. లూపులో ఒక స్వాప్ నుంచి ఇంకో స్వాప్ దాకా సమయం 25 మిల్లీసెకన్లు దాటినప్పుడల్లా ఒక కౌంటర్ పెంచి తెర మూలలో చూపించండి. పది నిమిషాలు ఆడితే అది సున్నా దగ్గరే ఉండాలి. పెరుగుతుంటే ఆగే సమయాన్ని రెండు మిల్లీసెకన్లు తగ్గించండి. లాప్‌టాప్ చార్జర్ తీసేసి కూడా ఆడి చూడండి. బ్యాటరీ మీద ప్రాసెసర్ వేగం తగ్గితే 4.2 కాస్తా 7 అవుతుంది. ఇందుకే ఆటగాళ్లకు ఇచ్చే బిల్డులో 10 అని కోడ్‌లో రాసేయకుండా, గడిచిన 120 ఫ్రేముల గరిష్ఠాన్ని చూసి గేమే లెక్కించుకునేలా రాశాను. ఒక్క ఫ్రేము తప్పినా వెంటనే ఆగే సమయం తగ్గుతుంది, మళ్లీ పెంచడం మాత్రం మెల్లగా జరుగుతుంది. కుదుపు, ఆలస్యం రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కుదుపు లేకపోవడాన్నే ఎంచుకుంటాను. స్థిరమైన ఆలస్యానికి చెయ్యి అలవాటు పడుతుంది, ఎప్పుడొస్తుందో తెలియని కుదుపుకు పడదు.

ఈ అంకెను గేమ్ డిజైన్‌లోకి తేవడం

44 మిల్లీసెకన్లు తగ్గితే ఆడేవాళ్లకు ఏం ఒరుగుతుందో కూడా లెక్క వేయవచ్చు. మా గేమ్‌లో శత్రువు కత్తి ఎత్తి దించడానికి 20 ఫ్రేములు, అంటే 333 మిల్లీసెకన్లు. గేమ్ లోపల శత్రువు కత్తి ఎత్తిన క్షణం వేరు, అది తెర మీద కనిపించిన క్షణం వేరు. ఆడేవాళ్లు నొక్కిన క్షణం వేరు, గేమ్ దాన్ని చదివిన క్షణం వేరు. మొదటి జతలోని ఆలస్యాన్నీ రెండో జతలోని ఆలస్యాన్నీ కలిపితే వచ్చేది మీరు ఫోన్‌తో కొలిచిన అంకే. కాబట్టి దాన్ని 333 నుంచి ఒక్కసారి నేరుగా తీసేయవచ్చు. 88 ఉన్నప్పుడు ఆడేవాళ్లకు నిజంగా దొరికింది 245 మిల్లీసెకన్లు. 44 అయ్యాక 289.

తెర మీద ఏదో కనిపించగానే బటన్ నొక్కడానికి చాలామందికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అడ్డుకోవాలా, తప్పుకోవాలా అని నిర్ణయించుకోవాల్సి వస్తే ఇంకా ఎక్కువ. 245లో చూసి నొక్కడం చాలా కష్టం, ముందే ఊహించి నొక్కాలి. 289లో చూసి నొక్కవచ్చు. మా తమ్ముడు నిజంగానే సమయానికి నొక్కుతున్నాడు. ఆ నొక్కు కత్తి దిగాక గేమ్‌కు అందుతోంది.

ఫిర్యాదులు వచ్చినప్పుడు ఆలస్యం కొలవకుండా నేను అడ్డుకునే గడువును 6 ఫ్రేముల నుంచి 10కి పెంచేశాను. అలా చేస్తే ఆలస్యం కనిపించకుండా పోతుంది గానీ, ఎప్పుడు నొక్కినా తగిలే ఆటలో పదును ఉండదు. వరస తీసేసి, చదవడాన్ని వెనక్కి జరిపాక ఆ గడువును మళ్లీ 6కి తెచ్చాను. వాడికి ఏమీ చెప్పకుండా కీబోర్డు ముందు పెట్టాను. మొదటి శత్రువు కత్తి ఎత్తాడు, టక్కుమంది, నిప్పురవ్వలు లేచాయి. రెండోదీ అడ్డుకున్నాడు. మూడో దెబ్బ తిన్నాడు, తిని "ఇది నేనే ఆలస్యంగా నొక్కాను" అన్నాడు.